బోనఫైడ్లు నాలుగు.. ప్రశ్న ఒక్కటే

సర్టిఫికెట్ వెరిఫికేషన్ కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి ముందు ఒక చెక్‌లిస్టు ఉంటుంది. పుట్టిన తేదీకి రుజువేది? డిగ్రీ ఎప్పుడు పాసయ్యారు? కులం సర్టిఫికెట్ ఎవరిచ్చారు? లోకలా, నాన్‌లోకలా? ఒక్కో ప్రశ్నకు మన కట్టలోంచి ఒక్కో కాగితం బయటికి రావాలి. జిరాక్స్‌ని ఒరిజినల్‌తో పోల్చి చూసి ఆయన టిక్ పెడితే ఆ ప్రశ్న తీరిపోయినట్టు. కాగితం సమయానికి దొరక్కపోతే పక్కన ఒక ముక్క రాస్తారు, ‘సమర్పించలేదు’ అని. ఆ కాగితం మన సంచిలోనే ఎక్కడో ఉండొచ్చు. ఫైల్లో మాత్రం ఆ ముక్కే ఉండిపోతుంది.

ఈ వారం ఆ కట్ట ఎలా కట్టాలో చూద్దాం. అన్ని సర్టిఫికెట్ల జోలికీ వెళ్లను. లోకల్ స్టేటస్ ఒక్కటి తీసుకుంటాను. పుట్టిన తేదీకి పదో తరగతి మెమో ఒక్కటే చాలు. కులానికి తహసీల్దారు ఇచ్చిన కాగితం చాలు. లోకల్ అని చెప్పడానికి మాత్రం చాలామందికి ఒక్క కాగితం సరిపోదు. మూడు నాలుగు బడుల కాగితాలు పక్కపక్కన పెట్టి కూడితేనే జవాబు వస్తుంది. ఆ కూడిక మనం చేసి ఇస్తామా, కౌంటర్‌లో ఉన్నాయన్ని చేసుకోమంటామా అన్నదే తేడా.

తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నేరుగా జరిగే నియామకాల్లో 95 శాతం పోస్టులు స్థానికులకు. 1 నుంచి 7వ తరగతి వరకు చదివిన ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ గడిచిందో చూస్తారు. జిల్లా పోస్టయితే జిల్లా, జోనల్ పోస్టయితే జోన్. ఆంధ్రప్రదేశ్ నోటిఫికేషన్లలో చాలాకాలంగా 4 నుంచి 10వ తరగతి వరకు అడుగుతున్నారు. మీ నోటిఫికేషన్‌లో ఏ తరగతులు అడిగారో ముందు అది చూసుకోండి. కట్ట కట్టే పద్ధతి రెండు చోట్లా ఒకటే.

మా పిన్ని కూతురి సంగతి చెబుతాను. జిల్లా స్థాయి పోస్టుకి రాత పరీక్ష గట్టెక్కింది. వెరిఫికేషన్‌కి పది రోజులుందనగా ఫైలు పట్టుకొచ్చింది. ప్లాస్టిక్ కవర్లో అన్నీ ఉన్నాయి. ‘‘అన్నీ ఉన్నాయన్నయ్యా, నువ్వొకసారి చూడు చాలు’’ అంది. తను ఒకటి నుంచి మూడు వరకు పాలకుర్తిలో చదివింది. నాలుగు నుంచి ఏడు వరకు తొర్రూరులో. మూడేళ్లు అక్కడ, నాలుగేళ్లు ఇక్కడ. అప్పట్లో రెండూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక పాలకుర్తి జనగామ జిల్లాకు, తొర్రూరు మహబూబాబాద్ జిల్లాకు వెళ్లాయి. అప్లికేషన్‌లో తను మహబూబాబాద్ లోకల్ అని పెట్టింది. పెట్టింది సరైనదే. కానీ పాత కాగితాల్లో ఎక్కడ చూసినా జిల్లా అన్నచోట వరంగల్ అనే ఉంది. పేర్లు మాత్రమే చూసుకుంటూ పోయేవాళ్లకు మహబూబాబాద్ అన్న మాటే కనిపించదు. ఆ ఒక్క ప్రశ్న తేలకపోతే 95 శాతంలో ఉండాల్సిన మనిషి మిగిలిన 5 శాతం కోసం పోటీ పడాల్సి వస్తుంది.

అందుకని జిరాక్స్ షాపుకి వెళ్లకముందే ఒక తెల్ల కాగితం తీసుకుని ఏడు వరసలు గీయించాను. తరగతికి ఒక వరస. ప్రతి వరసలో విద్యా సంవత్సరం, బడి, మండలం, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా, చివర్లో దాన్ని రుజువు చేసే కాగితం.

1వ తరగతి 2005-06, 2వ తరగతి 2006-07, పాలకుర్తిలో ఒక ప్రైవేటు బడి. 4వ తరగతి 2008-09, 5వ తరగతి 2009-10, తొర్రూరులో ప్రాథమిక పాఠశాల. 6వ తరగతి 2010-11, 7వ తరగతి 2011-12, తొర్రూరులోనే ఉన్నత పాఠశాల. ఆరు వరసలు టకటకా నిండాయి. మూడో తరగతి దగ్గర ఆగిపోయింది. 2007-08లో ఆ ఒక్క ఏడాది పాలకుర్తిలో ఇంకో బడిలో చదివింది. ఆ బడి కాగితం కవర్లో లేదు. బోనఫైడ్లు మూడున్నాయి కాబట్టి ఇంట్లో అందరూ అన్నీ ఉన్నాయనే అనుకున్నారు. కాగితాలు లెక్కపెట్టుకుంటే లోటు తెలియదు. ఏళ్లు లెక్కపెట్టుకుంటేనే తెలుస్తుంది.

ఆ బడి ఎప్పుడో మూతపడింది. దాని రిజిస్టర్లు మండల విద్యాధికారి ఆఫీసులో ఉన్నాయని తెలిసింది. రెండుసార్లు తిరిగితే, రిజిస్టరు చూసి ధ్రువీకరణ పత్రం ఇచ్చారు. తొర్రూరు నాలుగేళ్లు ఎలాగూ ఉన్నాయి కదా, మూడో తరగతి లేకపోతేనేం అని మీకు అనిపించొచ్చు. నోటిఫికేషన్ అడిగింది ఒకటి నుంచి ఏడు వరకు. అప్లికేషన్‌లో మనం నింపిందీ ఏడేళ్లు. మధ్యలో ఒక ఏడాది ఖాళీగా ఉంటే, ఆ ఏడాది ఎక్కడున్నారన్న ప్రశ్నతో మిగతా ఏళ్లను కూడా మళ్లీ మొదట్నించీ చూడాల్సి వస్తుంది.

ఇప్పుడు నంబర్లు. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. కవర్లోంచి ఏ కాగితం ముందొస్తే దానికి ఒకటి, తర్వాతదానికి రెండు అని వేసుకుంటూ పోతారు. అలా వేస్తే తొమ్మిది కాగితాలకు తొమ్మిది నంబర్లు వస్తాయి గానీ ఏ నంబరు ఏ ప్రశ్నకు జవాబో తెలియదు. నంబరు ప్రశ్నకి ఇవ్వాలి. ఒక ప్రశ్నకు నాలుగు కాగితాలుంటే ఆ నాలుగూ ఒకే నంబరు కింద అ, ఆ, ఇ, ఈ అని ఉండాలి. మా చెల్లెలి జాబితా ఇలా తయారైంది.

1. పదో తరగతి మెమో. పేరు, పుట్టిన తేదీకి. 1 పేజీ.

2-అ. డిగ్రీ ప్రొవిజనల్ సర్టిఫికెట్. విద్యార్హతకు. 1 పేజీ.

2-ఆ. డిగ్రీ మార్కుల మెమో, రెండు వైపులా. 2 పేజీలు.

3-అ. బోనఫైడ్, 1, 2 తరగతులు, 2005-07, పాలకుర్తి. 1 పేజీ. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ అనుబంధం 1తో సరిపోతాయి.

3-ఆ. ధ్రువీకరణ పత్రం, 3వ తరగతి, 2007-08, పాలకుర్తి. 1 పేజీ. బడి మూతపడినందున మండల విద్యాధికారి ఇచ్చినది.

3-ఇ. బోనఫైడ్, 4, 5 తరగతులు, 2008-10, తొర్రూరు. 1 పేజీ.

3-ఈ. బోనఫైడ్, 6, 7 తరగతులు, 2010-12, తొర్రూరు. 1 పేజీ.

4. కుల ధ్రువీకరణ పత్రం. 1 పేజీ.

5. నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్. 1 పేజీ.

మొత్తం పత్రాలు 9, పేజీలు 10.

ప్రతి వరస పక్కనా రెండు గడులు గీశాం. ఒకదాంట్లో ‘ఒరిజినల్ తెచ్చాను’ అని మేమే రాశాం. రెండోది ఖాళీగా వదిలేశాం. అది కౌంటర్‌లో ఉన్నవాళ్ల టిక్ కోసం. ఆ ఖాళీ గడి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పని అంతా దాంతోనే సులువవుతుంది. పక్కనుంచి ఎవరో పిలిచి ఆయన లేచి వెళ్లొచ్చినా ఎక్కడిదాకా చూశారో అక్కణ్నించే మొదలుపెడతారు.

ఒక హద్దు గుర్తుపెట్టుకోండి. నియామక సంస్థ తన చెక్‌లిస్టు తనే ఇచ్చి, వరస నంబర్లు కూడా ఇస్తే మన సొంత వరస పెట్టకూడదు. వాళ్ల లిస్టులో స్టడీ సర్టిఫికెట్లు ఏడో నంబరైతే మనవి 7-అ, 7-ఆ అవుతాయి. ఆయన కన్ను తన లిస్టు మీదే ఉంటుంది. మన నంబరు దాంతో కలవకపోతే ఎంత ముచ్చటగా వేసినా లాభం లేదు.

నంబరు జిరాక్స్ మీద కుడివైపు పైమూల వేయండి. ఎడమ పైమూల చిల్లు పొడిచి ట్యాగు కడతారు, అక్కడ వేస్తే కట్టలో కలిసిపోతుంది. పేజీలు తిప్పేటప్పుడు కంటికి ముందు తగిలేది కుడి మూలే. రెండు పేజీల కాగితమైతే ‘2-ఆ, పేజీ 1/2’ అని, రెండోదాని మీద ‘2-ఆ, పేజీ 2/2’ అని రాయాలి. ట్యాగు ఊడి ఒక పేజీ జారినా ఏది పోయిందో తెలుస్తుంది. ఒరిజినల్స్ మీద మాత్రం పెన్సిల్‌తో కూడా ఏమీ రాయొద్దు. వాటిని అదే వరసలో విడి కవర్లలో పెట్టి, కవరు మీద చిన్న చీటీ అంటిస్తే చాలు. జిరాక్స్ 3-ఇ తీసిన చేతికి ఒరిజినల్ 3-ఇ కూడా వెంటనే అందాలి.

ఆ ఏడు వరసల కాగితాన్ని శుభ్రంగా టైపు చేసి అనుబంధం 3కి ముందు పెట్టాం. 4 నుంచి 7 వరకు వరసల్లో ‘అప్పటి జిల్లా వరంగల్, ఇప్పటి జిల్లా మహబూబాబాద్’ అని ఉంది. అడుగున ఒకటే వాక్యం: ‘7 విద్యా సంవత్సరాల్లో 4 సంవత్సరాలు (4 నుంచి 7 తరగతులు) తొర్రూరు మండలంలో, చూడుడు 3-ఇ, 3-ఈ.’ అంతకుమించి వివరణ అక్కర్లేదు. అది చదివినాయన రెండు కాగితాలు తిప్పి, తరగతులూ ఏళ్లూ సరిపోయాయో లేదో చూసుకుంటే కూడిక పూర్తవుతుంది.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. బోనఫైడ్ జిరాక్స్ మీద వరంగల్ అన్నది కొట్టేసి పైన మహబూబాబాద్ అని రాస్తారు. లేదంటే పొడి అక్షరం పక్కన ఇంటిపేరు పూర్తిగా నింపుతారు. ఉద్దేశం మంచిదే. కానీ దాని కిందే ‘ట్రూ కాపీ’ అని సంతకం పెడుతున్నారు. సెల్ఫ్ అటెస్టేషన్ అంటే అర్థం ఒకటే: నా దగ్గరున్న ఒరిజినల్‌కీ ఈ నకలుకీ తేడా లేదు. ఒరిజినల్‌లో లేని మాట నకలు మీదికి వస్తే మీ సంతకం అబద్ధం చెప్పినట్టవుతుంది. దిద్దుబాటు చేశారన్న అనుమానంతో మంచి కాగితం కూడా పక్కకి వెళ్లిపోవచ్చు. చెప్పాల్సిన మాట ఏదైనా జాబితాలో చెప్పండి. నకలు మీద నంబరు, అటెస్టేషన్ తప్ప ఇంకేమీ ఉండకూడదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. సెల్ఫ్ అటెస్టేషన్ తప్పును ఒప్పు చేయదు. బోనఫైడ్‌లో పుట్టిన తేదీయే తప్పుపడితే, మీరు ఎన్ని సంతకాలు పెట్టినా అది తప్పుగానే ఉంటుంది. పొడి అక్షరం లాంటివి జాబితాలో ఒక వాక్యంతో పోతాయి, ఎందుకంటే తండ్రి పేరు, తేదీ కలుస్తున్నాయి కాబట్టి మనిషి ఒకరేనని తెలుస్తుంది. తేదీ కూడా కలవకపోతే జాబితా ఏమీ చేయలేదు. వెరిఫికేషన్ రోజు రాకముందే బడికి వెళ్లి, రిజిస్టరు చూపించమని అడిగి, సరైన సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

ఇక సంతకం. ఒకప్పుడు జిరాక్సుల మీద గెజిటెడ్ ఆఫీసరు పచ్చ ఇంకు సంతకం కోసం మన అన్నయ్యలు, అక్కయ్యలు కాలేజీల చుట్టూ, ఆస్పత్రుల చుట్టూ తిరిగేవాళ్లు. 2014లో కేంద్ర ప్రభుత్వం సెల్ఫ్ అటెస్టేషన్ తీసుకోమని గట్టిగా చెప్పాక ఆ తిరుగుడు చాలావరకు తగ్గింది. ఆఫీసరు పోల్చి చూడాల్సిన పని ఇప్పుడు మన మెడకే పడింది. కాబట్టి నిజంగానే ఒరిజినల్ పక్కన పెట్టుకుని చూసి సంతకం చేయండి. కింద ఖాళీ జాగాలో ‘ట్రూ కాపీ’ అని రాసి, సంతకం, దాని కింద పూర్తి పేరు, తేదీ. అచ్చు మీదికి, సీలు మీదికి, సర్టిఫికెట్ నంబరు మీదికి సంతకం పాకకూడదు, ఆయన పోల్చి చూసేవి అవే కాబట్టి. ప్రతి పేజీకీ విడిగా సంతకం ఉండాలి. వెనక వైపు కూడా కాపీ తీస్తే దానికీ ఉండాలి.

రెండు సెట్లు అడిగినప్పుడు ఒక సెట్ మీద సంతకాలు పెట్టి, దాన్నే జిరాక్స్ తీసి రెండోదిగా ఇచ్చేవాళ్లున్నారు. అప్పుడు రెండో సెట్‌లో ఉన్నది సంతకం ఫొటో. వేలితో తడిమితేనే తెలిసిపోతుంది. ముందు ఎన్ని సెట్లు కావాలో అన్నీ తీసి, తర్వాత అన్నింటి మీదా నీలం పెన్నుతో సంతకాలు పెట్టండి. నీలం ఎందుకంటే నల్లదైతే అది జిరాక్సా, సంతకమా అని ఒక క్షణం ఆగి చూడాలి. అడిగిన సెట్లకు తోడు మీ కోసం ఇంకొకటి ఉంచుకోండి.

ఇప్పుడు ఫోన్ల సంగతి. జిరాక్స్ షాపు బదులు ఫోన్‌లోనే స్కాన్ చేసి ప్రింట్ తీయించుకునేవాళ్లే ఎక్కువ. స్కానింగ్ యాప్ చేసే రెండు పనులు మనకు దెబ్బ. ఒకటి, అంచులు తనంతట తనే కత్తిరించడం. పాత బోనఫైడ్లలో అడ్మిషన్ నంబరు పైమూల, సీలు కింది మూల ఉంటాయి, కత్తెర పడేది సరిగ్గా అక్కడే. రెండోది బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్. అక్షరాలు నల్లగా మెరుస్తాయి గానీ, వెలిసిపోయిన ఊదారంగు రౌండ్ సీలు తెల్లబడి మాయమవుతుంది. అక్కడ సీలు లేని కాగితం తయారవుతుంది. కలర్‌లో స్కాన్ చేసి, ఫోన్‌లో పెద్దది చేసి సీల్లోని అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూసి అప్పుడు ప్రింటివ్వండి.

ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేయమంటే ఫైల్ పేర్లకీ ఇదే నంబరు పెట్టండి:

```
01_SSC_Memo.pdf
02A_Degree_Provisional.pdf
03C_Class_4_5_Thorrur.pdf
```

ముందు సున్నా ఎందుకంటే, అది లేకపోతే చాలా చోట్ల 1 తర్వాత 10 వచ్చి, 2 ఆ తర్వాత కూర్చుంటుంది. ఇంగ్లిష్ ఫైల్ పేరులో 3-ఇ కాస్తా 03C అయింది కాబట్టి జాబితాలో కూడా ఆ వరస పక్కన అదే రాయండి. పేర్లు రెండు రకాలుగా ఉంటే నంబరు వేసిన ప్రయోజనమే పోతుంది. ఫోన్ పెట్టే తేదీల పేర్లతో, అంకెల తోకలతో ఫైళ్లు పంపితే అవతల తెరిచి చూసేదాకా ఏది ఏమిటో ఎవరికీ తెలియదు.

అంతా అయ్యాక ఒక పరీక్ష పెట్టాం. ఈ ఉద్యోగం గొడవ ఏమీ తెలియని మా బాబాయి చేతికి కట్ట ఇచ్చి, ‘‘2009లో ఏ ఊళ్లో చదివిందో చూపించండి బాబాయ్’’ అన్నాను. జాబితా చూశాడు, 3-ఇ అన్నాడు, కుడి మూలలు తిప్పుకుంటూ వెళ్లి కాగితం బయటికి తీశాడు. తర్వాత పేజీలు లెక్కపెట్టమన్నాను. పది వచ్చాయి. మీ ఇంట్లోనూ ఇలా ఒకరి చేత వెతికించండి. వాళ్లు మిమ్మల్ని ఏదైనా అడగాల్సి వచ్చిందంటే, అడిగిన ఆ మాట జాబితాలో రాయాల్సి ఉందన్నమాట. కౌంటర్ దగ్గర చెప్పడానికి మీరుంటారు. ఆ తర్వాత ఫైలు ఇంకో టేబుల్‌కి, ఇంకో గదికి వెళ్తుంది. అక్కడ మీరుండరు, జాబితా ఉంటుంది.

చివరి పని కూడా ఆ జాబితాతోనే. దాన్ని రెండు కాపీలు తీసుకెళ్లండి. కాగితాలు తీసుకున్నాక రెండోదాని మీద ‘9 పత్రాలు, 10 పేజీలు ముట్టినవి’ అని సంతకం, తేదీ వేసివ్వమని మర్యాదగా అడగండి. కొన్నిచోట్ల వాళ్ల సొంత రసీదే ఇస్తారు. అప్పుడు ఆ రసీదులో స్టడీ సర్టిఫికెట్లు ఎన్ని అని రాశారో అక్కడే చూసుకోండి. మనవి నాలుగైతే నాలుగు అనే ఉండాలి. మూడు అని ఉంటే, క్యూ వెనక్కి జరగకముందే, ఆ టేబుల్ ముందే, 3-ఆ ఎక్కడుందో జాబితా చూపించి అడగండి.